(x² − 3x + 2)² కి మా అబ్బాయి రాసిన జవాబు ఎందుకు తప్పు? సున్నా పెట్టి చూస్తే సరిపోతోంది కదా

సునీత, వరంగల్

అందరికీ నమస్కారం. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. నిన్న స్లిప్ టెస్ట్ పేపరు ఇంటికి తెచ్చాడు. (x² − 3x + 2)² విస్తరించమని లెక్క. వాడు ఒక్కో పదాన్ని విడివిడిగా వర్గం చేసి ఇలా రాశాడు:

x⁴ + 9x² + 4

సార్ అడ్డంగా ఎర్ర గీత కొట్టారు, పక్కన ఏమీ రాయలేదు. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివాను, లెక్కలు మర్చిపోయి ఇరవై ఏళ్లు దాటింది. అయినా ఒకటి గుర్తుంది, x స్థానంలో ఏదో ఒక అంకె పెట్టి రెండు వైపులా సరిపోతుందో లేదో చూసుకోవచ్చని. తేలికగా ఉంటుందని సున్నా పెట్టాను. లెక్కలో 2² అంటే 4 వచ్చింది. వాడి జవాబులోనూ 4 వచ్చింది. మరి తప్పెక్కడ? రేపు వాడికి నేనే చెప్పాలి, ఎవరైనా కాస్త విడమరిచి చెప్పండి.

కిరణ్, డీఎస్సీకి చదువుతున్నాను

సునీత గారూ, (a + b)² గుర్తుందా? a² + 2ab + b². మధ్యలో 2ab వదిలేస్తే తప్పే కదా. అలాగే మూడు పదాలుంటే a² + b² + c² + 2abc వస్తుంది. మీ వాడు ఆ 2abc వదిలేశాడు. అంటే 2 × x² × (−3x) × 2 = −12x³. జవాబు x⁴ − 12x³ + 9x² + 4 అన్నమాట.

రమణ, గుంటూరు

నేను ఇళ్ల పని చేయిస్తాను. సునీత గారి అబ్బాయి చేసిందాంట్లో తప్పేముందో నాకు అర్థం కావట్లేదు. గదిలో నేల మీది ఒక మూల నుంచి ఎదురుగా సీలింగు మూల దాకా కొలవాలంటే మేం చేసేది అదేగా. గది 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు అనుకోండి, అటక లాంటిది. 144, 16, 9 కలిపితే 169, అంటే 13 అడుగులు. టేపు పట్టి చూసినా సరిగ్గా 13 వస్తుంది. మూడు వర్గాలు కలిపితే సరిపోతోంది కదా?

సూర్యనారాయణ, రిటైర్డ్ లెక్కల మాస్టారు, కాకినాడ

సునీతమ్మా, ముందు సున్నా సంగతి చూద్దాం. మీకు అనుమానం వచ్చింది అక్కడే.

x స్థానంలో సున్నా పెట్టగానే x² పోతుంది, −3x పోతుంది, ఒక్క 2 మిగులుతుంది. ఒకే పదం మిగిలితే అది ఇంకో పదంతో గుణించుకునే పనే ఉండదు. మీ అబ్బాయి మర్చిపోయింది ఆ గుణకారాలనే. సున్నా పెడితే అవన్నీ మాయమైపోతాయి కాబట్టి తప్పు కూడా కనిపించకుండా పోయింది. ఒకసారి 1 పెట్టి చూడండి. లోపల 1 − 3 + 2 = 0, దాని వర్గం 0. అబ్బాయి జవాబులో 1 + 9 + 4 = 14. సున్నాకీ పద్నాలుగుకీ పొంతన లేదు.

కిరణ్ బాబూ, ఏదో మిగిలిపోయిందని పట్టుకున్నావు, అంతవరకు సరే. మిగిలింది మాత్రం 2abc కాదు. నీ జవాబులోనూ 1 పెట్టి చూడు: 1 − 12 + 9 + 4 = 2. సున్నా రావాల్సిన చోట రెండు వచ్చింది. ఇంకోలా కూడా తెలుస్తుంది. a, b, c మూడూ పొడవులు అనుకో, అడుగుల్లో. a² చదరపు అడుగులు, ab కూడా చదరపు అడుగులు. abc ఘనపుటడుగులు అయిపోతుంది. నేల వైశాల్యంలోకి నీళ్ల ట్యాంకు ఘనపరిమాణం ఎలా వచ్చి కలుస్తుంది? రెండు బ్రాకెట్లు గుణిస్తున్నప్పుడు ఒక దాంట్లోంచి ఒక పదం, రెండో దాంట్లోంచి ఒక పదం, అంతే. మూడు పదాలు ఒకేసారి గుణించుకునే అవకాశమే లేదు.

రమణ గారూ, మీ కొలత నూటికి నూరుపాళ్లు నిజం, కానీ అది వేరే ప్రశ్న. మీ 12, 4, 3 ఒకదానికొకటి లంబంగా ఉన్నాయి, మీరు అడ్డదారిలో కొలుస్తున్నారు. అవే మూడింటిని ఒకే గీత మీద వరసగా పేర్చండి, 19 అడుగులు వస్తుంది. సునీత గారి లెక్కలో ప్లస్సు గుర్తు చెప్పేది ఆ పేర్చడం. 19 వర్గం 361. మీ 169 తీసేస్తే 192 తేడా. ఆ 192 ఎక్కడిదో చూడండి: 12 × 4 = 48, 4 × 3 = 12, 12 × 3 = 36. కూడితే 96, రెట్టింపు 192.

రమణ, గుంటూరు

మాస్టారూ, నడిచే దారి 19, టేపు దారి 13 అన్నారు, అర్థమైంది. కానీ ఆ రెట్టింపు ఎందుకు?

సూర్యనారాయణ, రిటైర్డ్ లెక్కల మాస్టారు

మీ పనిలోదే చెబుతాను. 10 అడుగుల చదరపు గది. అడుగు టైల్సు వేస్తే 100 కావాలి. ఇప్పుడు ఒక గోడని 5, 3, 2 అడుగులుగా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. పక్క గోడని కూడా అదే వరసలో 5, 3, 2. ఆ గుర్తుల నుంచి అటూ ఇటూ గీతలు లాగితే నేల తొమ్మిది గళ్లవుతుంది. మూల నుంచి మూలకి ఐమూలగా మూడు చదరాలు పడతాయి: 25, 9, 4. మొత్తం 38 టైల్సు. మూడు వర్గాలు కలిపితే వచ్చేది ఇంతే. మిగతా ఆరు గళ్ల నేల ఖాళీగానే ఉంది, ఇంకా 62 టైల్సు వేయాలి.

ఆ ఆరు గళ్లూ జంటలుగా ఉంటాయి. ఐమూల గీతకి ఈ పక్క 5 × 3 గడి ఉంటే ఆ పక్క 3 × 5 గడి ఉంటుంది. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, వైశాల్యం ఒకటే. 15 రెండు, 10 రెండు, 6 రెండు. రెట్టింపు అక్కడి నుంచి వచ్చింది.

ఫరీదా, కడప

ఇది చదువుతుంటే పోయిన ఏడాది నా పని గుర్తొచ్చింది. నేను ఒక చోట అకౌంట్స్ చూస్తాను. ఒక షీటులో మూడు గడుల మొత్తానికి వర్గం కావాలి. నేను పేరు చూసి మొదటిది రాశాను, కావాల్సింది రెండోది:

```
=SUMSQ(A1:A3)
=SUM(A1:A3)^2
```

గడుల్లో 5, 3, 2 ఉంటే మొదటిది 38 ఇస్తుంది, రెండోది 100. ఎక్కడా ఎర్రర్ రాదు, రెండూ మామూలు అంకెలే కదా. నెలాఖరున మొత్తాలు కలవక, ఎక్కడ తేడా వచ్చిందో వెతకడానికి రెండు రోజులు పట్టింది. ముందు వర్గం చేసి తర్వాత కూడటం వేరు, ముందు కూడి తర్వాత వర్గం చేయడం వేరు అని నాకు ఆ రోజు బుర్రకెక్కింది. సునీత గారూ, మీ అబ్బాయి చేసిందీ అదే, వరస మార్చేశాడు.

సునీత, వరంగల్

టైల్స్ లెక్క చాలా బాగా అర్థమైంది మాస్టారూ. రాత్రి వాడిని కూర్చోబెట్టి గ్రాఫు నోట్‌బుక్కులో 10 × 10 గళ్లు గీయించాను. 5, 3, 2 దగ్గర గీతలు లాగాడు. ఐమూల చదరాలకి పసుపు స్కెచ్ పెన్ను వేశాడు. రంగు వేసినవి లెక్కపెడితే 38. తెల్లగా మిగిలినవి చూసి వాడే "అమ్మా, సగం కంటే ఎక్కువ వదిలేశానా" అన్నాడు. తర్వాత 5 × 3 ముక్క కత్తిరించి, తిప్పి, 3 × 5 దాని మీద పెట్టాడు, అంచుకి అంచు సరిపోయింది.

కానీ వాడొక ప్రశ్న వేశాడు, నాకు జవాబు తెలియలేదు. "(abc)² అయితే a²b²c² అని అందరూ విడివిడిగానే వర్గం చేస్తారు కదా, దానికి ఎవరూ తప్పు అనరు. దీనికెందుకు తప్పు?"

లావణ్య, హైస్కూల్ టీచర్

సునీత గారూ, మీ వాడి తప్పంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ప్రతి ఏడూ నా క్లాసులో సగం మంది ఇక్కడే పడిపోతారు. ఏడు, ఎనిమిది తరగతుల్లో ఘాతాంకాలు చెప్పినప్పుడు (ab)² = a²b² అని రాసి రాసి చేతికి అలవాటైపోతుంది. తర్వాత లోపల గుణకారం గుర్తు తీసి కూడిక గుర్తు పెట్టినా చెయ్యి అదే పని చేస్తుంది.

గుణకారంలో ఎందుకు కుదురుతుందంటే, abc × abc రాస్తే ఆరు అక్షరాలూ ఒకే గొలుసులో ఉంటాయి. వరస మార్చుకుని aabbcc అని సర్దుకోవచ్చు, కొత్తగా ఏమీ పుట్టదు. కూడికలో అలా కాదు. మొదటి బ్రాకెట్లో ప్రతి పదం రెండో బ్రాకెట్లో మూడింటినీ గుణించాలి. మీ లెక్కకే రాస్తాను:

x² తో గుణిస్తే: x⁴ − 3x³ + 2x²
−3x తో గుణిస్తే: −3x³ + 9x² − 6x
2 తో గుణిస్తే: 2x² − 6x + 4

ఈ తొమ్మిదీ కూడితే x⁴ − 6x³ + 13x² − 12x + 4. ఇదే సరైన జవాబు. 1 పెడితే 1 − 6 + 13 − 12 + 4 = 0. 3 పెడితే లోపల 9 − 9 + 2 = 2, వర్గం 4. జవాబులో 81 − 162 + 117 − 36 + 4, అదీ 4.

మా పిల్లలకి నేను చెప్పేది మాత్రం సూత్రమే. a² + b² + c² + 2ab + 2bc + 2ca. పరీక్షలో గళ్లు గీస్తూ కూర్చుంటే టైం చాలదు.

కిరణ్, డీఎస్సీకి చదువుతున్నాను

మాస్టారూ, నా తప్పు అర్థమైంది. ఇన్నాళ్లూ 2abc అనే అనుకుంటున్నాను, బిట్ పేపర్లో వచ్చుంటే మార్కు పోయేది. ఒక అనుమానం. సూత్రం ప్రకారం ఆరు పదాలు రావాలి. మేడమ్ గారి జవాబులో అయిదే ఉన్నాయి. ఒకటి ఎక్కడికి పోయింది?

లావణ్య, హైస్కూల్ టీచర్

పోలేదు కిరణ్ గారూ, 13x² లోపల ఉంది. 13 ఎలా వచ్చిందో చూడండి. −3x వర్గం 9x². x² ని 2 తో గుణిస్తే 2x², అది రెండుసార్లు వస్తుంది, 4x². తొమ్మిదీ నాలుగూ కలిసి పదమూడు. మామూలుగా a, b, c వేరు వేరు అక్షరాలైతే ఆరూ విడిగానే ఉంటాయి. ఇక్కడ మూడూ x తోనే ఉన్నాయి కాబట్టి రెండు పదాలు సజాతి పదాలై కలిసిపోయాయి. పిల్లలు చాలామంది ఇక్కడ 9x² మాత్రమే రాసి 4x² వదిలేస్తారు. వర్గం పదం ఎలాగూ ఉందిగా అని ఆగిపోతారు.

సూర్యనారాయణ, రిటైర్డ్ లెక్కల మాస్టారు

లావణ్యమ్మ చక్కగా చెప్పింది. సునీతమ్మ సున్నా గురించి ఇంకొక మాట చెప్పాలనిపించింది. అబ్బాయి జవాబుకీ సరైన జవాబుకీ తేడా ఎంత? −6x³ + 4x² − 12x. ఇది ఎప్పుడు సున్నా అవుతుంది? −2x బయటికి తీస్తే లోపల 3x² − 2x + 6 మిగులుతుంది. దాని విచక్షణి 4 − 72, రుణ సంఖ్య. అంటే ఏ వాస్తవ సంఖ్య పెట్టినా అది సున్నా కాదు. కాబట్టి రెండు జవాబులూ కలిసే వాస్తవ సంఖ్య ప్రపంచం మొత్తం మీద ఒక్కటే, x = 0. మీరు సరిగ్గా దాన్నే ఎంచుకున్నారు. అందుకే సరిచూసుకునేటప్పుడు సున్నా వద్దంటాను. 1 కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది, x³ రాయాల్సిన చోట x² రాసినా 1 కి తేడా తెలియదు. 2 గానీ 3 గానీ పెట్టడం మంచిది.

సూత్రం కంఠస్థం చేయించడం దగ్గర మాత్రం లావణ్యమ్మతో నాకు కుదరదు. ఇప్పుడే చూశాం, కిరణ్ సూత్రమే కంఠస్థం చేశాడు, తప్పు సూత్రం. తొమ్మిది గుణకారాలు ఒక్కసారి రాసుంటే 2abc అనే మాట నోట్లోంచి వచ్చేది కాదు.

ఈ రెట్టింపు పద్ధతి మనకి కొత్త కాదు. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో 297 వర్గం చెప్పమని అడుగుతాడు. పద్ధతి ఏమిటంటే, ఎడమ చివరి అంకె వర్గం రాయాలి. తర్వాత ఆ అంకె రెట్టింపుతో మిగతా అంకెల్ని గుణించి వాటి వాటి స్థానాల్లో పెట్టాలి. ఆ అంకెని వదిలేసి మిగిలినవాటికి మళ్లీ అదే చేయాలి. 297 అంటే 200 + 90 + 7, మూడు పదాలే కదా. వర్గాలు 40000, 8100, 49. రెట్టింపులు 200 × 90 కి 36000, 200 × 7 కి 2800, 90 × 7 కి 1260. అన్నీ కూడితే 88209. కాగితం మీద 297 ని 297 తో గుణించి చూడండి. వర్గాలు మాత్రమే కూడితే 48149 వస్తుంది, అది 220 వర్గానికి కూడా చాలదు.

లావణ్య, హైస్కూల్ టీచర్

మాస్టారూ, మీ మాట కాదనను. కానీ యాభై మంది పిల్లలు, నలభై అయిదు నిమిషాల పీరియడు. తొమ్మిది గుణకారాలు రాయమంటే పది మంది ఆరో గుణకారం దగ్గర మైనస్ మర్చిపోతారు. సూత్రంలో గుణకారాలు తక్కువ, తప్పు చేసే చోట్లూ తక్కువ. గళ్లు నేనూ మొదటి రోజు గీయిస్తాను. రెండో రోజు నుంచి సూత్రమే.

సునీత, వరంగల్

మైనస్ అంటే గుర్తొచ్చింది. ఈ రోజు వాడికి ఇంకో లెక్క ఇచ్చాను, (2x − 3y + 4)². వాడు రాసింది:

4x² + 9y² + 16 − 12xy − 24y − 16x

(−3y)² కి ప్లస్ పెట్టాడు, అది సరే అనుకుంటున్నా. మిగతాది సరైనదేనా?

సూర్యనారాయణ, రిటైర్డ్ లెక్కల మాస్టారు

గుణించి చూడకుండానే చెప్పొచ్చు, ఒక గుర్తు తప్పింది. మూడు జంట పదాలకీ మైనస్ ఉంది. మూడు పదాల వర్గంలో అలా ఎప్పటికీ రాదు.

ఎందుకంటే ab, bc, ca మూడింటినీ గుణిస్తే ప్రతి అక్షరం రెండుసార్లు వస్తుంది, (abc)² అవుతుంది. అది ధన సంఖ్య. మూడు మైనస్‌లు గుణిస్తే రుణం వస్తుంది, ఒక్క మైనస్ ఉన్నా రుణమే. కాబట్టి మైనస్‌లు ఉంటే సరిగ్గా రెండే ఉండాలి, లేకపోతే ఒక్కటీ ఉండకూడదు. పేపరు దిద్దేటప్పుడు నేను మొదట చూసేది ఇదే.

ఇప్పుడు ఏది తప్పో వెతకండి. −3y ఉన్న జంటలే మైనస్ అవుతాయి: 2x తో కలిస్తే −12xy, 4 తో కలిస్తే −24y. 2x, 4 జంటలో −3y లేదు, రెండూ ధనమే. అది +16x.

4x² + 9y² + 16 − 12xy − 24y + 16x

x కి 1, y కి 1 పెడితే లోపల 3, వర్గం 9. ఇక్కడా 4 + 9 + 16 − 12 − 24 + 16 = 9. అబ్బాయి రాసినదాంట్లో పెడితే −23 వస్తుంది. వర్గం రుణ సంఖ్య ఎలా అవుతుంది అని అడగండి, వాడే దిద్దుకుంటాడు.

కిరణ్, డీఎస్సీకి చదువుతున్నాను

మాస్టారూ, ఇది ఏ గైడులోనూ చూడలేదు. నాలుగు పదాలున్నా రెండే మైనస్‌లు ఉండాలా?

సూర్యనారాయణ, రిటైర్డ్ లెక్కల మాస్టారు

ఉండవు బాబూ, ఇది మూడు పదాలకే. నాలుగైతే పదహారు గళ్లు, జంటలు ఆరు. ఒక్క పదానికి మైనస్ ఉంటే అది మిగతా మూడింటితో కలిసి మూడు మైనస్‌లు ఇస్తుంది. రెండు పదాలకి మైనస్ ఉంటే ఎన్ని వస్తాయో నువ్వే గళ్లు గీసి లెక్కపెట్టి రేపు ఇక్కడ రాయి.

లావణ్య, హైస్కూల్ టీచర్

మైనస్‌లు లెక్కపెట్టే పద్ధతి రేపే క్లాసులో వాడతాను మాస్టారూ. సూత్రం మాత్రం కంఠస్థం చేయిస్తాను.

సునీత, వరంగల్

వాడికి −23 చూపించాను. కాసేపు పేపరు వంక చూసి, పెన్సిల్‌తో 16x ముందు మైనస్ మీద నిలువు గీత గీసి ప్లస్ చేశాడు. ఇప్పుడు (5 + 3 + 2)³ కి కూడా గళ్లు గీయొచ్చా అని అడుగుతున్నాడు. గ్రాఫు కాగితం మీద ఎలా కుదురుతుంది మాస్టారూ? పెట్టెలా కట్టాలా?